రైతు కుటుంబానికి అత్యవసర నిధి ఎంత ఉండాలి? ఎన్ని నెలల్లో కూడబెట్టవచ్చు?

ఏప్రిల్‌లో వడగళ్ల వాన పడి కోతకు వచ్చిన వరి నేలపాలైనా, ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలైనా, పాడి గేదె చనిపోయినా రైతు కుటుంబానికి ముందుగా కావలసింది చేతిలో నగదు. పంట నష్టపరిహారం, బీమా సొమ్ము వచ్చినా వెంటనే రావు. ఈలోగా ఇల్లు గడవడానికి చాలామంది నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం వడ్డీ. ఈ అప్పు అవసరం రాకుండా ముందే పక్కన పెట్టుకునే డబ్బునే అత్యవసర నిధి అంటారు.

నెల జీతం వచ్చేవారికి మూడు నుంచి ఆరు నెలల ఖర్చు నిధిగా ఉంటే చాలని సాధారణంగా చెబుతారు. రైతుకు ఆదాయం ప్రతి నెలా రాదు కాబట్టి ఈ లెక్క నేరుగా సరిపోదు. మీ కుటుంబానికి ఎంత కావాలో, నెలకు కొంత చొప్పున దాస్తే ఎన్నాళ్లకు సమకూరుతుందో మీరే లెక్కగట్టుకునే పద్ధతిని ఒక ఉదాహరణతో చూద్దాం.

ఉదాహరణ కుటుంబం

తెలంగాణలో నాలుగెకరాలున్న ఒక కుటుంబాన్ని తీసుకుందాం. రెండెకరాల్లో బోరు కింద వానాకాలం, యాసంగి రెండు కార్లూ వరి వేస్తారు. మిగతా రెండెకరాల్లో వర్షాధారంగా పత్తి వేస్తారు. రెండు గేదెలున్నాయి. ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, పెద్దాయన కలిపి ఐదుగురు. అంకెలు ఉదాహరణ కోసమే. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క చేసే తీరు మాత్రం ఇదే.

మొదటి మెట్టు: నెల ఖర్చు తేల్చడం

ఇక్కడ లెక్కలోకి తీసుకోవలసింది ఇంటి ఖర్చు మాత్రమే. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, దున్నకం, కూలీల ఖర్చు ఇందులో కలపకూడదు. అది సాగు పెట్టుబడి. దానికి పంట రుణం, కిసాన్ క్రెడిట్ కార్డు వంటి వేరే దారులున్నాయి. రెండింటినీ కలిపితే లక్ష్యం లక్షల్లోకి పోయి మొదలుపెట్టడానికే మనసొప్పదు. మొదలుపెట్టినా, జూన్ రాగానే ఆ డబ్బు విత్తనాలకూ ఎరువులకూ వెళ్లిపోతుంది.

నెల ఖర్చును ఊహించి రాయకండి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం, మందుల చీటీలు, ఫోన్ రీఛార్జ్ మెసేజ్‌లు ముందు పెట్టుకుని, ఇంటి ఖర్చు చూసే ఆడవారితో కలిసి కూర్చుని రాయండి. వీలైతే వరుసగా మూడు నెలలు ఒక నోటుబుక్కులో రాసి సగటు తీయండి. మన ఉదాహరణ కుటుంబానికి ప్రతి నెలా వచ్చే ఖర్చు ఇలా ఉంది:

- పప్పు, నూనె, చక్కెర, టీపొడి వంటి సరుకులు: రూ.3,200
- కూరగాయలు, గుడ్లు, మాంసం: రూ.1,500
- గ్యాస్, ఇంటి కరెంటు: రూ.900
- ఫోన్లు: రూ.500
- పెట్రోలు, బస్సు చార్జీలు: రూ.1,200
- పెద్దాయన బీపీ, షుగర్ మందులు: రూ.800
- పిల్లల చిల్లర ఖర్చులు: రూ.400

మొత్తం రూ.8,500.

బియ్యం ఈ జాబితాలో లేవు. ఈ కుటుంబం వానాకాలం వడ్లలో ఏడాదికి సరిపడా ఇంటికి ఉంచుకుంటుంది, రేషన్ బియ్యం కూడా వస్తాయి. మీరు బియ్యం కొనేవారైతే ఆ ఖర్చు తప్పకుండా కలపండి.

ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే పెద్ద ఖర్చులు చూడాలి. లెక్కలో ఎక్కువగా మరచిపోయేది వీటినే. ఈ ఇంట్లో బడి ఫీజులు, పుస్తకాలకు రూ.18,000, బీమా ప్రీమియాలకు రూ.3,000, ఇంటి పన్ను, చిన్న మరమ్మతులకు రూ.3,000 అవుతుంది. అన్నీ కలిపి రూ.24,000. దీన్ని 12తో భాగిస్తే నెలకు రూ.2,000. పండుగ బట్టలు, జాతర్ల ఖర్చు వీరికి మరో రూ.9,000 ఉంటుంది కానీ, కష్టకాలంలో దాన్ని తగ్గించుకోవచ్చు కాబట్టి నిధి లెక్కలో కలపలేదు. బడి ఫీజును అలా ఆపలేం.

చివరగా, ఎంత కష్టం వచ్చినా ఆగని వాయిదాలు. ఈ ఇంటి ఆమె పొదుపు సంఘంలో తీసుకున్న రుణానికి నెలకు రూ.1,500 కడుతోంది. అది కట్టకపోతే సంఘం మొత్తానికి ఇబ్బంది.

8,500 + 2,000 + 1,500 = 12,000. ఈ కుటుంబం కష్టకాలంలో నెల గడవాలంటే రూ.12,000 కావాలి.

రెండో మెట్టు: ఎన్ని నెలలకు కావాలి?

రైతు లెక్క జీతగాడి లెక్కకు వేరయ్యేది ఇక్కడే. ఒక కాగితం మీద జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు గడులు గీయండి. పంట కోసిన నెలలో కాకుండా, డబ్బు చేతికి లేదా బ్యాంకు ఖాతాలోకి వచ్చే నెలలో గుర్తు పెట్టండి. ధాన్యం ఏప్రిల్‌లో కోసినా, కల్లంలో ఆరబెట్టి, తూకం వేయించి, డబ్బు జమ అయ్యేసరికి మే అవుతుంది. అప్పుడు మే గడిలోనే గుర్తు పెట్టాలి.

మన ఉదాహరణలో వానాకాలం వరి, పత్తి డబ్బు డిసెంబరు, జనవరి నెలల్లో వస్తుంది. యాసంగి వరి డబ్బు మేలో వస్తుంది. పాల డబ్బు ప్రతి పదిహేను రోజులకూ వస్తుంది.

ఇప్పుడు ఒక్కో పంట పోయిందనుకుని చూడండి. డిసెంబరు, జనవరి నెలల్లో రావలసిన డబ్బు రాకపోతే తర్వాతి పంట డబ్బు మేలో వస్తుంది. మధ్యలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాలుగు నెలలు గడవాలి, డిసెంబరునూ కలిపితే ఐదు. మేలో రావలసిన యాసంగి డబ్బు రాకపోతే తర్వాతి పంట డబ్బు డిసెంబరులోనే. మధ్యలో జూన్ నుంచి నవంబరు దాకా ఆరు నెలలు గడవాలి. ఈ రెండింటిలో పెద్దది ఆరు. కాబట్టి వీరి నిధి ఆరు నెలలకు సరిపోవాలి.

ఏటా ఒకే పంట వేసి, పాడి గానీ ఇతర ఆదాయం గానీ లేని కుటుంబానికి ఈ ఖాళీ పన్నెండు నెలల దాకా పోవచ్చు. కూరగాయలు వేసి వారం వారం మార్కెట్‌కు వెళ్లేవారికి, పాలపైనే ఎక్కువగా ఆధారపడేవారికి మూడు నాలుగు నెలలు చాలు. అందుకే పక్కింటివారి అంకె మీకు పనికిరాదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పంట బాగా పండిన ఏడాది కూడా జూన్ నుంచి నవంబరు దాకా ఇల్లు గడవాలి. ఆ ఖర్చు మేలో వచ్చిన పంట డబ్బు నుంచి రావాలి. దానికి అత్యవసర నిధిని ముట్టుకోకూడదు. రావలసిన డబ్బు రానప్పుడు, అనుకోని ఖర్చు మీద పడినప్పుడు మాత్రమే నిధిని వాడాలి.

మూడో మెట్టు: లక్ష్యం తేల్చడం

పంట పోయినా ఆగని ఆదాయం ఏదైనా ఉంటే దాన్ని కొంత తగ్గించుకోవచ్చు. ఈ కుటుంబానికి దాణా, మందుల ఖర్చులు పోను పాల మీద సగటున నెలకు రూ.4,000 మిగులుతుంది. కానీ మొత్తం రూ.4,000 తగ్గించడం సరికాదు. గేదె వట్టిపోయిన నెలల్లో పాలు ఉండవు, దాణా ఖర్చు మాత్రం ఉంటుంది. గేదెకు జబ్బు చేస్తే అదే ఒక ఆపద. కాబట్టి సగం మాత్రమే, అంటే రూ.2,000 తగ్గిద్దాం. కూలి పనుల మీద వచ్చే డబ్బును కూడా ఇలాగే సగానికి మించి లెక్కించవద్దు. ఊళ్లో అందరి పంటా పోయిన ఏడాది కూలి పనులూ తగ్గుతాయి.

నెల ఖర్చు 12,000 − నమ్మకమైన ఆదాయం 2,000 = 10,000
10,000 × 6 నెలలు = 60,000

ఈ కుటుంబం అత్యవసర నిధి లక్ష్యం రూ.60,000.

నాలుగో మెట్టు: ఎన్ని నెలలు పడుతుంది?

లెక్క ఇది:

(లక్ష్యం − ఇప్పటికే ఉన్నది) ÷ నెలకు దాచే మొత్తం = నెలలు

ఈ కుటుంబం దగ్గర ఇప్పటికే రూ.6,000 ఉంది. ఇంకా కావలసింది రూ.54,000. పాల డబ్బులో ఇంటికి లెక్కించిన సగం పోను మిగతా సగం, అంటే నెలకు రూ.2,000 దాస్తారు. పాల బిల్లు పదిహేను రోజులకొకసారి వస్తుంది కాబట్టి బిల్లు రాగానే రూ.1,000 పక్కన పెడితే సరిపోతుంది. 54,000ను 2,000తో భాగిస్తే 27. అంటే 27 నెలలు, రెండేళ్ల మూడు నెలలు.

నెలకు రూ.1,500 మాత్రమే దాచగలిగితే 36 నెలలు పడుతుంది. రూ.3,000 దాస్తే 18 నెలల్లో అయిపోతుంది. భాగిస్తే పూర్తి అంకె రాకపోతే పై అంకె తీసుకోవాలి. నెలకు రూ.2,500 చొప్పున లెక్కిస్తే 21.6 వస్తుంది, దాన్ని 22 నెలలుగా తీసుకోండి. చివరి నెలలో కొంచెం తక్కువ వేస్తే సరిపోతుంది.

పొదుపు ఖాతాలో వచ్చే వడ్డీని ఈ లెక్కలో కలపలేదు. చిన్న మొత్తాల మీద అది కొద్దిగానే ఉంటుంది, ధరలు పెరిగే కొద్దీ దానికే సరిపోతుంది.

నెలకు ఎంత దాచాలో నిర్ణయించేటప్పుడు చేతిలో డబ్బున్న జనవరి నెలను చూడవద్దు. చేతిలో ఏమీ మిగలని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కూడా దాచగలిగిన మొత్తాన్నే తీసుకోండి. జనవరిలో రూ.4,000 అనుకుని ఆగస్టులో ఆపేస్తే 27 నెలలన్న లెక్కకు అర్థం ఉండదు.

నెలవారీ ఆదాయం లేనివారు ఏం చేయాలి?

పాడి లేని కుటుంబం నెలకు రూ.2,000 దాచడం కష్టం. అలాంటప్పుడు నెలలకు బదులు పంటలను లెక్కించండి. నెలకు రూ.2,000 అంటే ఏడాదికి రూ.24,000. ఏడాదికి రెండు పంటలైతే ఒక్కో పంట డబ్బు రాగానే రూ.12,000 పక్కన పెట్టాలి. రూ.54,000 కావాలంటే 4.5 పంటలు, అంటే ఐదు పంటలు పడుతుంది. రెండున్నరేళ్లన్నమాట. ఈ డబ్బును ధాన్యం డబ్బు పడిన వారంలోనే తీసి పెట్టాలి. ఎరువుల దుకాణం బాకీ, చేబదుళ్లు తీర్చాక మిగిలినది దాద్దామనుకుంటే సాధారణంగా ఏమీ మిగలదు.

రెండు పద్ధతులను కలపవచ్చు కూడా. ఉదాహరణ కుటుంబం జనవరిలో పత్తి డబ్బు నుంచి ఒకేసారి రూ.12,000 వేస్తే ఇంకా కావలసింది రూ.42,000. నెలకు రూ.2,000 చొప్పున 21 నెలల్లో పూర్తవుతుంది. పీఎం కిసాన్ కింద ఏటా మూడు విడతల్లో వచ్చే రూ.6,000ను కూడా నిధికే మళ్లిస్తే, జనవరిలో పెద్ద మొత్తం వేయకపోయినా 27 నెలలకు బదులు 22 నెలల్లో రూ.60,000 చేరుతుంది. ఆ డబ్బు విత్తనాలకు తప్పనిసరైతే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మధ్యలో డబ్బు తీయవలసి వస్తే

27 నెలల్లో ఏ ఆపదా రాదని అనుకోలేం. పదో నెల చివర ఈ కుటుంబం దగ్గర రూ.26,000 ఉంటుంది. అప్పుడు ఆసుపత్రికి రూ.14,000 అవసరమై తీశారనుకుందాం. రూ.12,000 మిగులుతుంది. ఇంకా కావలసింది రూ.48,000, అంటే మరో 24 నెలలు. మొత్తం 34 నెలలవుతుంది. 27 కంటే ఏడు నెలలు ఆలస్యం. సులువుగా గుర్తుంచుకోవాలంటే, తీసిన మొత్తాన్ని నెల పొదుపుతో భాగించండి. 14,000ను 2,000తో భాగిస్తే ఏడు. అన్ని నెలలు వెనక్కి వెళ్లినట్టు.

దీన్ని నష్టంగా భావించవద్దు. అదే రూ.14,000ను నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు రూ.420, ఏడాదికి రూ.5,040 వడ్డీ అయ్యేది. నిధి నుంచి తీయడం వల్ల ఆ వడ్డీ మిగిలింది. తీసిన తర్వాత నెల నుంచి మళ్లీ రూ.2,000 వేయడం మొదలుపెట్టాలి.

ఇప్పటికే వడ్డీ అప్పు ఉంటే

నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ అప్పు నెత్తిన ఉండగా రూ.60,000 బ్యాంకులో దాచడం లాభం కాదు. పొదుపు ఖాతాలో వచ్చే వడ్డీ ఏడాదికి మూడు, నాలుగు శాతానికి మించదు. అప్పు మీద కట్టేది 24, 36 శాతం. అలాగని చేతిలో ఏమీ లేకుండా అంతా అప్పుకే కడితే, తర్వాతి ఆపదకు మళ్లీ అదే వ్యాపారి దగ్గరకు వెళ్లాలి. కాబట్టి ముందు ఒక నెల ఖర్చు, ఈ ఉదాహరణలో రూ.12,000, సమకూర్చుకోండి. ఆ తర్వాత నెల పొదుపును పెద్ద వడ్డీ అప్పు తీర్చడానికి వాడండి. అప్పు తీరాక మిగతా నిధికి రండి. కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణానికి ఈ లెక్క వర్తించదు. దాన్ని గడువులోగా కట్టి వడ్డీ రాయితీ పోకుండా చూసుకుంటే చాలు.

ఎక్కడ ఉంచాలి?

పంట రుణం ఉన్న బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో లేదా పోస్టాఫీసులో పొదుపు ఖాతా తెరవండి. రుణం గడువు మీరితే, అదే బ్యాంకులో మీ పేరున ఉన్న పొదుపును అప్పు కింద జమ చేసుకునే వీలు బ్యాంకుకు ఉంటుంది. పంట పోయిన ఏడాదే రుణం కూడా గడువు మీరుతుంది, మీకు నిధి అవసరమయ్యేదీ అప్పుడే.

మొదటి రెండు నెలల ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పొదుపు ఖాతాలో ఉండాలి. ఆ పైన చేరిన డబ్బును రూ.10,000 చొప్పున విడివిడిగా బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయవచ్చు. అవసరం వచ్చినప్పుడు ఒక డిపాజిట్‌ను మాత్రమే రద్దు చేసుకుంటే మిగతా వాటి వడ్డీ తగ్గదు. పోస్టాఫీసు ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ పొదుపుకు మంచిదే కానీ, మూడేళ్లు నిండకముందు దాన్ని మూసి డబ్బు తీసుకోవడం కుదరదు. అందువల్ల ఈ నిధికి అది సరిపోదు. చిట్టీ కూడా అంతే. ఆపద వచ్చిన నెలలోనే పాడుకోవాలంటే ఎక్కువ తగ్గింపుకు పాడాలి, చేతికి వచ్చేది తగ్గిపోతుంది.

లెక్క తప్పుతోందని ఎలా తెలుస్తుంది?

నోటుబుక్కులో ప్రతి ఆరు నెలలకూ ఉండవలసిన నిల్వను ముందే రాసుకోండి. ఉదాహరణ కుటుంబానికి ఆరో నెల చివర రూ.18,000, పన్నెండో నెల చివర రూ.30,000, పద్దెనిమిదో నెల చివర రూ.42,000, ఇరవైనాలుగో నెల చివర రూ.54,000 ఉండాలి. పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించి దీంతో పోల్చండి. ఆపద ఏమీ లేకుండానే నిల్వ తక్కువగా ఉంటే, మీరు పెట్టుకున్న నెల పొదుపు ఎక్కువైందని అర్థం. దాన్ని తగ్గించి నెలలు మళ్లీ లెక్కించండి. డబ్బు తీసిన ప్రతిసారీ ఎందుకు తీశారో రాయండి. ఎరువులకో, పండుగకో, బంధువుల చేబదులుకో తీసినట్టు రెండు మూడు సార్లు కనిపిస్తే ఆ ఖర్చులకు వేరే ఏర్పాటు చేసుకోవాలి.

ఏడాదికి ఒకసారి, ఉగాది తర్వాత, నెల ఖర్చును కూడా తిరిగి రాయండి. ధరలు పెరిగి ఈ కుటుంబం ఖర్చు రూ.12,000 నుంచి రూ.13,000 అయితే లక్ష్యం (13,000 − 2,000) × 6, అంటే రూ.66,000 అవుతుంది. పెరిగిన రూ.6,000కు మరో మూడు నెలలు పడుతుంది. పంటల తీరు మారినా, అంటే బోరు ఎండి యాసంగి వరి మానేసినా, పన్నెండు గడుల కాగితం మళ్లీ గీయాలి. అప్పుడు జనవరి తర్వాత పంట డబ్బు వచ్చేది మళ్లీ డిసెంబరులోనే కాబట్టి, ఆరు నెలల నిధి సరిపోదు.